ఒకే మెయిల్, మూడు చోట్లు: లేబుల్ ఎక్కడ పనికొస్తుంది, ఫోల్డర్ ఎక్కడ

ఇల్లు కట్టించుకుంటున్న ఒకరి మెయిల్‌బాక్స్‌ను ఊహించుకోండి. ఆర్కిటెక్ట్ నుంచి మెయిల్ వచ్చింది. అందులో మార్చిన ప్లాన్ ఉంది. రెండో విడత ఫీజు బిల్లు పీడీఎఫ్‌గా జతచేసి ఉంది. చివర్లో ఒక ప్రశ్న: "మెట్లు లోపల పెట్టమంటారా, బయటా? శుక్రవారంలోగా చెప్పండి."

ఈ మెయిల్‌ను ఎక్కడ పెట్టాలి? ఇంటి పని కాబట్టి "ఇల్లు"లో పెట్టాలి. రేపు లెక్కలు చూసేటప్పుడు దొరకాలి కాబట్టి "బిల్లులు"లో ఉండాలి. ఇంకా జవాబు చెప్పలేదు కాబట్టి "జవాబు ఇవ్వాలి"లో ఉండాలి. మూడూ న్యాయమైనవే. ఫోల్డర్లు వాడేవాళ్లు వీటిలో ఒకటి ఎంచుకుని మిగతా రెండూ వదులుకుంటారు. లేబుళ్లు వాడేవాళ్లు మూడూ తగిలించి హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. ఆరు నెలల తర్వాత చూస్తే ఇద్దరి మెయిల్‌బాక్స్‌లూ చిందరవందరగానే ఉంటాయి. కారణాలు మాత్రం వేరు.

లేబుల్ కొత్తది కాబట్టి మంచిది, ఫోల్డర్ పాతబడింది అనే మాట తరచూ వినిపిస్తుంది. నేను దాన్ని ఒప్పుకోను. పై మూడింటిలో రెండు ఒక జాతివి, మూడోది పూర్తిగా వేరే జాతిది. "ఇల్లు", "బిల్లులు" అనేవి ఆ మెయిల్ దేని గురించో చెబుతాయి. "జవాబు ఇవ్వాలి" అనేది ఆ మెయిల్ ఇప్పుడు ఏ దశలో ఉందో చెబుతుంది. మొదటి జాతికి లేబుల్ నప్పుతుంది, రెండో జాతికి ఫోల్డర్ నప్పుతుంది. ఇది అభిరుచికి వదిలేసే సంగతి కాదు. రెండూ లోపల పనిచేసే తీరే అలాంటిది.

లోపల జరిగేది

ఫోల్డర్ అంటే ఒక చోటు. మెయిల్ ప్రోగ్రామూ సర్వరూ మాట్లాడుకునే ఐమాప్ పద్ధతిలో ప్రతి ఫోల్డరూ తనలోని మెయిళ్లకు తనే నంబర్లు ఇచ్చుకుంటుంది. సర్వర్ ఒక మెయిల్‌ను గుర్తుపట్టేది "ఫలానా ఫోల్డర్‌లో ఫలానా నంబరు" అనే. అదే మెయిల్‌ను ఇంకో ఫోల్డర్‌లో కూడా పెట్టాలంటే కాపీ చేయాలి. కాపీ చేసిన క్షణం నుంచి అవి రెండు వేర్వేరు మెయిళ్లు. ఒకదాన్ని చదివినట్టు గుర్తు పెడితే రెండోది చదవనట్టే ఉండిపోతుంది. ఒకదాన్ని చెరిపేస్తే రెండోది చెక్కుచెదరదు.

లేబుల్ అంటే మెయిల్ మీద అంటించిన చీటీ. మెయిల్ ఒక్కటే ఉంటుంది, చీటీలు ఎన్నయినా ఉండొచ్చు. 2004 ఏప్రిల్ 1న వచ్చిన జీమెయిల్ ఈ పద్ధతిని జనానికి అలవాటు చేసింది. అక్కడ ఇన్‌బాక్స్ కూడా ఒక లేబులే. ఆర్కైవ్ నొక్కితే మెయిల్ ఎక్కడికో పోతుందని చాలామంది అనుకుంటారు కానీ, అది ఎక్కడికీ పోదు. ఇన్‌బాక్స్ అనే చీటీ ఊడుతుంది, అంతే. మెయిల్ మొదటి నుంచీ "All Mail"లోనే ఉంది, ఇప్పుడూ అక్కడే ఉంది.

మీ మెయిల్ సర్వీసు ఏ పద్ధతిదో తెలియకపోతే ఒక చిన్న పరీక్ష చేయండి. ఒక మెయిల్‌ను రెండు చోట్ల కనిపించేలా పెట్టి, ఒక చోట "చదవలేదు" అని గుర్తు మార్చండి. రెండో చోట కూడా మారితే అది ఒకే మెయిల్ మీద ఉన్న రెండు చీటీలు. మారకపోతే మీ చేతిలో ఉన్నవి రెండు ప్రతులు.

చెరిపేటప్పుడు ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. జీమెయిల్‌లో ఒక లేబుల్‌ను తీసేస్తే చీటీ మాత్రమే పోతుంది, మెయిళ్లన్నీ భద్రంగా ఉంటాయి. అవుట్‌లుక్‌లో ఒక ఫోల్డర్‌ను తీసేస్తే లోపలి మెయిళ్లు కూడా దాంతోపాటే "Deleted Items"లోకి పోతాయి. ఒక్కో మెయిల్‌ను విడిగా చెరిపే విషయంలో దీనికి సరిగ్గా తలకిందులు. ఫోల్డర్‌లో ఉన్న కాపీని చెరిపితే ఆ ఒక్కటే పోతుంది. "బిల్లులు" లేబుల్ తెరిచి అక్కడ ఒక మెయిల్‌ను డిలీట్ చేస్తే అది "ఇల్లు"లోంచీ, ఇన్‌బాక్స్‌లోంచీ, అన్నిచోట్ల నుంచీ మాయమై "Trash"లో పడుతుంది. 30 రోజుల తర్వాత శాశ్వతంగా పోతుంది. "ఈ జాబితాలో అక్కర్లేదు" అనుకుని డిలీట్ నొక్కే అలవాటు ఫోల్డర్ల కాలం నుంచి వచ్చింది. లేబుళ్లలో దానికి కావాల్సింది డిలీట్ కాదు, ఆ లేబుల్‌ను తీసేయడం. జీమెయిల్‌లో కీబోర్డ్ షార్ట్‌కట్లు ఆన్ చేసుకుంటే `y` అక్షరం ఈ పనే చేస్తుంది. మీరు ఏ లేబుల్‌లో నిలబడి ఉన్నారో ఆ చీటీ ఒక్కటే ఊడుతుంది.

దశకు లేబుల్ ఎందుకు సరిపడదు

ఆర్కిటెక్ట్ మెయిల్‌కు తిరిగొద్దాం. మీరు "జవాబు ఇవ్వాలి" అని లేబుల్ పెట్టారు. గురువారం జవాబు రాశారు. ఆయన నుంచి బదులు రావాలి కాబట్టి "ఎదురుచూస్తున్నా" అని ఇంకో లేబుల్ పెట్టారు. పాతది తీశారా? చాలాసార్లు తీయరు. లేబుల్ పెట్టడం ఒక పని, తీయడం వేరే పని, తీయకపోయినా అప్పటికప్పుడు కొంప మునిగేదేమీ కనిపించదు. రెండు నెలలు గడిచేసరికి "జవాబు ఇవ్వాలి"లో 140 మెయిళ్లు ఉంటాయి. వాటిలో నిజంగా జవాబు కోసం ఆగినవి తొమ్మిది. ఆ తొమ్మిదీ ఏవో తేలాలంటే 140 తెరిచి చూడాలి. అక్కడితో ఆ లేబుల్ మీద నమ్మకం పోతుంది, మళ్లీ ఇన్‌బాక్స్‌నే పైకీ కిందికీ తిప్పుకోవడం మొదలవుతుంది.

ఫోల్డర్‌లో ఇలా జరగదు. "జవాబు ఇవ్వాలి" ఫోల్డర్ నుంచి "ఎదురుచూస్తున్నా" ఫోల్డర్‌లోకి లాగి పడేస్తే, కొత్తచోట చేరడం, పాతచోటు వదలడం ఒకే కదలికలో అయిపోతాయి. ఒక మెయిల్ ఒకేసారి రెండు దశల్లో ఉండటం కుదరదు కాబట్టి, ఒకేసారి రెండు చోట్ల ఉండలేకపోవడమనే ఫోల్డర్ లోపమే ఇక్కడ దాని బలం. ఫోల్డర్‌లో ఎన్ని మెయిళ్లుంటే అన్ని పనులు మిగిలి ఉన్నట్టు. ఆ లెక్కను నమ్మొచ్చు.

జీమెయిల్‌లో ఫోల్డర్లు లేవు కదా, మరి అక్కడ ఏం చేయాలి? అక్కడ కూడా లేబుల్‌ను ఫోల్డర్‌లా నడిపే బటన్ ఒకటి ఉంది. "Label as" అనేది ఉన్నవాటిని ముట్టుకోకుండా కొత్త లేబుల్ చేరుస్తుంది, దాని షార్ట్‌కట్ `l`. పక్కనే ఉన్న "Move to" మాత్రం కొత్త లేబుల్ చేర్చి, మీరు ప్రస్తుతం ఏ జాబితా తెరిచి ఉన్నారో ఆ లేబుల్‌ను తీసేస్తుంది, దాని షార్ట్‌కట్ `v`. ఇన్‌బాక్స్‌లో ఉండగా నొక్కితే ఇన్‌బాక్స్ నుంచి తీస్తుంది, "జవాబు ఇవ్వాలి" తెరిచి నొక్కితే దాన్నుంచి తీస్తుంది. మెయిల్ మీదున్న "ఇల్లు", "బిల్లులు" లేబుళ్ల జోలికి పోదు. అందుకని నా సలహా ఖచ్చితంగా ఇదీ: విషయం చెప్పే లేబుళ్లను `l`తో పెట్టండి, దశ చెప్పే లేబుళ్లను `v`తో మాత్రమే మార్చండి. దశను మార్చాలంటే ఆ దశ లేబుల్ తెరిచి అక్కడి నుంచే మార్చాలి. ఇంకో లేబుల్ తెరిచి మారిస్తే ఆ లేబుల్ ఊడుతుంది, పాత దశ అలాగే ఉండిపోతుంది.

క్రమశిక్షణ ఎక్కడైనా తప్పిందేమో వారానికోసారి ఇలా వెతికితే తెలుస్తుంది:

```
label:జవాబు label:ఎదురుచూపు
```

రెండు దశలూ ఒకే మెయిల్ మీద ఉన్నవన్నీ బయటపడతాయి. ఇందుకే దశల పేర్లు ఒక్క మాటలో పెట్టుకుంటే మంచిది. పేరులో ఖాళీ ఉంటే వెతికేటప్పుడు దాని బదులు అడ్డగీత పెట్టాలి, అదొక చిరాకు. ఫిల్టర్ పెట్టి పాత దశను దానంతటదే తీయించవచ్చా అని అడిగితే, సెట్టింగుల్లో కనిపించే ఫిల్టర్ పనుల జాబితాలో మీ లేబుల్‌ను పెట్టడం ఉంది కానీ తీయడం లేదు. దశ మార్చే పని చేత్తో చేయాల్సిందే.

విషయానికి ఫోల్డర్ ఎందుకు సరిపడదు

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. "ఇల్లు", "బిల్లులు" రెండూ ఫోల్డర్లయితే ఆర్కిటెక్ట్ బిల్లు దేనిలోకి పోవాలి? ఈ ప్రశ్నకు జనం సాధారణంగా చెప్పుకునే జవాబు "ఇల్లు" కింద "బిల్లులు" అని ఉప ఫోల్డర్. బాగానే ఉంది, కానీ కారుకూ బిల్లులున్నాయి, ఆసుపత్రికీ బిల్లులున్నాయి. ప్రతి విషయం కిందా ఒక "బిల్లులు" పుడుతుంది. సంవత్సరం చివర అన్ని బిల్లులూ ఒకచోట కావాలంటే ఒక్కో ఫోల్డరూ తెరవాలి. పోనీ తిరగేసి, "బిల్లులు" కింద "ఇల్లు", "కారు", "ఆసుపత్రి" పెడితే, ఇంటి ప్లాన్ ఒకచోట, ఇంటి బిల్లు ఇంకోచోట పడతాయి. చెట్టులా కొమ్మలు వేసే ఏ అమరికలోనైనా ఏ ప్రశ్న ముందు అడగాలో మొదటే తేల్చుకోవాలి. రెండో ప్రశ్న అడిగినప్పుడు ఆ చెట్టు సాయం చేయదు.

లేబుల్ రెండు ప్రశ్నలనూ ఏ వరుసలోనైనా అడగనిస్తుంది:

```
label:ఇల్లు label:బిల్లులు has:attachment after:2024/04/01
```

ఇంటికి సంబంధించి, బిల్లు అయి ఉండి, అటాచ్‌మెంట్ ఉండి, ఆ తేదీ నుంచి వచ్చినవి మాత్రమే వస్తాయి. దీనికి ముందుగా ఏ కొమ్మా వేయనక్కర్లేదు.

ఫోల్డర్‌కు ఇంకో లోపం ఉంది, దీన్ని చాలామంది ఏళ్ల తరబడి గమనించరు. మీకు వచ్చిన మెయిళ్లను "ఇల్లు" ఫోల్డర్‌లోకి జరుపుతారు. మీరు రాసిన జవాబులు మాత్రం "Sent"లో ఉండిపోతాయి. అంటే "ఇల్లు" ఫోల్డర్‌లో ఉన్నది సగం సంభాషణే, అవతలివాళ్లు అన్న మాటలే. "మెట్లు బయట పెట్టమని నేను ఏ తేదీన చెప్పాను?" అన్న ప్రశ్నకు ఆ ఫోల్డర్‌లో జవాబు ఉండదు. దీనికి మందు ఉంది. థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాములో అకౌంట్ సెట్టింగుల్లో "Copies & Folders" అన్న చోట, జవాబును అసలు మెయిల్ ఉన్న ఫోల్డర్‌లోనే దాచమని టిక్ పెట్టొచ్చు. పాత తరహా డెస్క్‌టాప్ అవుట్‌లుక్‌లో కూడా ఇన్‌బాక్స్ కాని ఫోల్డర్ నుంచి జవాబిస్తే ఆ ఫోల్డర్‌లోనే దాచే సెట్టింగ్ ఉంది. ఫోల్డర్లతో నడిచేవాళ్లెవరైనా మొదటిరోజే ఆన్ చేసుకోవాల్సిన సెట్టింగ్ ఇది. మెయిల్‌ను ముందు ఫోల్డర్‌లోకి జరిపి ఆ తర్వాత జవాబు రాయాలన్నది మాత్రం మరవకూడదు. ఇన్‌బాక్స్‌లో ఉండగానే జవాబు రాసేస్తే ఈ ఏర్పాటు అక్కరకు రాదు.

చీటీ అంటుకునేది ఒక్కో మెయిల్‌కు, సంభాషణకు కాదు

లేబుళ్లవైపు ఇంత చెప్పాక, వాటిలో అందరినీ తికమక పెట్టే చోటు కూడా చెప్పాలి. జీమెయిల్ తెర మీద కనిపించేది సంభాషణ, అంటే ఒకే విషయం మీద నడిచిన మెయిళ్ల దొంతర. మీరు దానికి లేబుల్ పెడితే దొంతరకంతటికీ పెట్టినట్టే అనిపిస్తుంది. నిజానికి లేబుల్ అంటుకునేది ఆ క్షణానికి అందులో ఉన్న ఒక్కో మెయిల్‌కూ విడివిడిగా. తర్వాత వచ్చిన జవాబుకు అది దానంతటది అంటుకోదు.

ఆర్కిటెక్ట్‌తో నడిచిన సంభాషణలో ఏడు మెయిళ్లున్నాయనుకోండి. మూడో మెయిల్ వచ్చినప్పుడు మీరు "ఇల్లు" అని లేబుల్ పెట్టారు. మొదటి మూడింటికీ చీటీ ఉంది, మిగతా నాలుగింటికీ లేదు. తెర మీద మాత్రం ఏ తేడా కనిపించదు, ఎందుకంటే దొంతరలో ఒక్కదానికి చీటీ ఉన్నా జీమెయిల్ దొంతర మొత్తాన్నీ ఆ లేబుల్ కింద చూపిస్తుంది. అందుకే బ్రౌజర్‌లోనో ఫోన్ యాప్‌లోనో మాత్రమే చూసేవాళ్లకు ఇది ఎప్పటికీ తెలియకపోవచ్చు.

తెలిసేది మూడు సందర్భాల్లో. మొదటిది, లేబుల్ లేని మెయిళ్లన్నీ చూద్దామని ఇలా వెతికినప్పుడు:

```
has:nouserlabels
```

లేబుల్ పెట్టిన సంభాషణలే కుప్పలుగా వస్తాయి. శోధన చెడిపోయిందనుకుంటారు. చెడలేదు, ఆ సంభాషణల్లో చీటీ లేని జవాబులు నిజంగానే ఉన్నాయి. రెండోది, రెండు లేబుళ్లు కలిపి వెతికినప్పుడు. "ఇల్లు" మూడో మెయిల్ మీద, "బిల్లులు" ఆరో మెయిల్ మీద మాత్రమే ఉంటే, రెండూ కలిసి ఉన్న మెయిల్ ఒక్కటీ లేదు కాబట్టి ఆ సంభాషణ పైన చెప్పిన శోధనకు చిక్కకపోవచ్చు. మూడోది, అదే అకౌంట్‌ను థండర్‌బర్డ్ లాంటి ప్రోగ్రాములో తెరిచినప్పుడు. అక్కడ "ఇల్లు" ఫోల్డర్‌లా కనిపిస్తుంది, అందులో మూడు మెయిళ్లే ఉంటాయి. మిగతా నాలుగు పోయాయని జనం కంగారు పడతారు. పోలేదు, చీటీ లేక ఆ ఫోల్డర్‌లో కనిపించడం లేదు.

దీనికి రెండు దారులున్నాయి. కొనసాగే పనికైతే చేత్తో లేబుల్ పెట్టడం మానేసి ఫిల్టర్ పెట్టండి. ఫిల్టర్ వచ్చే ప్రతి మెయిల్‌నూ విడిగా పరిశీలిస్తుంది కాబట్టి నాలుగో జవాబుకూ ఏడో జవాబుకూ చీటీ పడుతుంది. ఆర్కిటెక్ట్ విషయంలో రెండు ఫిల్టర్లు కావాలి:

```
from:plans@example.com
from:plans@example.com filename:pdf subject:బిల్లు
```

మొదటిదానికి "ఇల్లు", రెండోదానికి "బిల్లులు". ఒక ఫిల్టర్ ఒక లేబుల్‌నే పెట్టగలదు కాబట్టి రెండు లేబుళ్లకు రెండు ఫిల్టర్లు రాయాలి. ఒక మెయిల్ రెండు ఫిల్టర్లకూ సరిపోతే రెండు లేబుళ్లూ పడతాయి, గొడవేమీ లేదు. అవుట్‌లుక్ రూల్స్‌లో ఇలా కాదు. అక్కడ రూల్స్ పైనుంచి కిందికి వరుసగా నడుస్తాయి. ఒకే మెయిల్‌ను రెండు రూల్స్ రెండు ఫోల్డర్లలోకి జరపబోతే రెండు ప్రతులు తయారయ్యే అవకాశం ఉంది. అక్కడ జరిపే ప్రతి రూల్ చివరా "Stop processing more rules" టిక్ పెట్టి, ముఖ్యమైన రూల్‌ను పైన ఉంచాలి.

రెండో దారి, పని ముగిసిన తర్వాత సరిచేసుకోవడం. "ఇల్లు" లేబుల్ తెరిచి, పైనున్న పెట్టెలో టిక్ పెట్టి, ఒక పేజీకి మించి ఉంటే అన్నిటినీ ఎంచుకునే లింకు కూడా నొక్కి, అన్నిటికీ "ఇల్లు-మొత్తం" అనే కొత్త లేబుల్ పెట్టండి. ఆ రోజుకు ఆ సంభాషణల్లో ఉన్న ప్రతి మెయిల్‌కూ, మీరు పంపినవాటితో సహా, చీటీ పడుతుంది. ఏదైనా బయటికి తీసి దాచుకోవాలన్నా, ఇంకో ప్రోగ్రాములో చూడాలన్నా ఈ కొత్త లేబుల్‌నే వాడండి.

ఏ విషయానికి లేబుల్ పెట్టాలి, దేనికి అక్కర్లేదు అనేదాని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. శోధనకు ముందే తెలిసినదానికి లేబుల్ దండగ. ఎవరు పంపారు, ఎప్పుడు పంపారు, అటాచ్‌మెంట్ ఉందా లేదా, ఇవన్నీ మెయిల్‌లోనే రాసి ఉంటాయి. పంపినవాళ్ల పేరుతో లేబుల్ పెట్టడం `from:` చేసే పనినే మళ్లీ చేయడం. మెయిల్‌లో రాసి లేనిది, మీకు మాత్రమే తెలిసినది చీటీ మీద రాయాలి. ఆర్కిటెక్ట్ పంపిన బిల్లు పన్ను లెక్కల్లో పనికొస్తుందన్న సంగతి ఆ మెయిల్‌లో ఏ అక్షరంలోనూ ఉండదు. "పన్ను" అనే లేబుల్‌కు అందుకే విలువ ఉంది. ఈ గీటురాయి మీద గీస్తే చాలామంది లేబుళ్లలో సగానికి పైగా రాలిపోతాయి.

చీటీని ఫోల్డర్ అనుకునే ప్రోగ్రాములు

అన్నిటికంటే ఎక్కువ నష్టం జరిగేది రెండు పద్ధతులూ కలిసే చోట. ఐమాప్‌కు ఫోల్డర్లే తెలుసు కాబట్టి, బయటి ప్రోగ్రాములకు జీమెయిల్ తన ప్రతి లేబుల్‌నూ ఒక ఫోల్డర్‌గా చూపిస్తుంది. మూడు లేబుళ్లున్న మెయిల్ మూడు ఫోల్డర్లలోనూ, "All Mail"లోనూ కనిపిస్తుంది. అంటే నాలుగు చోట్ల. ఇవన్నీ ఒకటేనని కనిపెట్టలేని ప్రోగ్రాము దాన్ని నాలుగుసార్లు దింపుకుంటుంది. 5 జీబీ మెయిల్ ఉండి, ప్రతిదానికీ సగటున రెండు లేబుళ్లుంటే, "All Mail"తో కలిపి కంప్యూటర్ మీద 15 జీబీ దాకా ఆక్రమించవచ్చు. జీమెయిల్ సెట్టింగుల్లో "Labels" పేజీలో ప్రతి లేబుల్ పక్కనా "Show in IMAP" అని ఒక టిక్ ఉంటుంది. కంప్యూటర్‌లో చూడనక్కర్లేని లేబుళ్లకు అది తీసేస్తే భారం తగ్గుతుంది. "All Mail"కు తీసేముందు మాత్రం ఆగి చూసుకోవాలి, ఎందుకంటే కొన్ని ప్రోగ్రాములు ఆర్కైవ్ చేయడానికి దాన్నే వాడుకుంటాయి.

చెరపడం ఇక్కడ ఇంకా చిక్కు. జీమెయిల్ ఐమాప్ సెట్టింగులను మార్చకుండా ఉంచితే, బయటి ప్రోగ్రాము ఒక ఫోల్డర్‌లో మెయిల్‌ను "చెరిపినట్టు" గుర్తు పెట్టినప్పుడు ఆ లేబుల్ మాత్రమే ఊడుతుంది, మెయిల్ "All Mail"లో మిగులుతుంది. కానీ ప్రోగ్రాము డిలీట్ నొక్కగానే మెయిల్‌ను "Trash" ఫోల్డర్‌లోకి జరిపే రకమైతే అది అన్ని లేబుళ్లలోంచీ పోతుంది. బటన్ ఒకటే, ఫలితాలు రెండు. మీ ప్రోగ్రాము ఏ రకమో తెలియాలంటే మీకు మీరే ఒక ఉత్తుత్తి మెయిల్ పంపుకుని, దానికి రెండు లేబుళ్లు పెట్టి, ప్రోగ్రాములో ఒక ఫోల్డర్ నుంచి చెరిపి, తర్వాత బ్రౌజర్‌లో రెండో లేబుల్ తెరిచి చూడండి. రెండు నిమిషాల పని. దీన్ని చేయకుండా కొత్త ప్రోగ్రాములో పాత మెయిళ్లను శుభ్రం చేయడానికి దిగొద్దని గట్టిగా చెబుతాను.

ఫోల్డర్ల ప్రపంచంలో ఉంటూనే చీటీలు కావాలనుకునేవాళ్లకు సగం దారి ఉంది. అవుట్‌లుక్‌లో రంగురంగుల కేటగిరీలు, థండర్‌బర్డ్‌లో ట్యాగులు. మెయిల్ ఒక ఫోల్డర్‌లో ఉంటుంది, దాని మీద ఎన్ని కేటగిరీలయినా పెట్టొచ్చు. అవుట్‌లుక్‌లో ఒక "Search Folder" తయారుచేసి "పన్ను" కేటగిరీ ఉన్నవన్నీ చూపమంటే, ఏ ఫోల్డర్‌లో ఉన్నా సరే ఒకచోట జాబితా అవుతాయి. అవి ప్రతులు కావు. అక్కడ చెరిపితే అసలు మెయిలే పోతుంది. థండర్‌బర్డ్‌లో `1` నుంచి `5` దాకా అంకెలు నొక్కితే మొదటి అయిదు ట్యాగులు పడతాయి. ఇవి ఐమాప్ సర్వర్‌లో ఆ మెయిల్‌తోపాటే దాగుతాయి కాబట్టి ఇంకో కంప్యూటర్‌లో థండర్‌బర్డ్ తెరిచినా కనిపిస్తాయి. అయితే సర్వర్ అలాంటి గుర్తులను దాచుకోవడానికి ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ట్యాగులు మీ కంప్యూటర్ దాటి పోవు. రెండో యంత్రంలో తెరిచి చూస్తే గానీ ఆ సంగతి బయటపడదు. అకౌంట్‌ను ఐమాప్‌తో కలుపుకున్నప్పుడు అవుట్‌లుక్ కేటగిరీల మీద ఆధారపడకండి. అవి పూర్తిగా పనిచేసేది మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వర్ అయిన ఎక్స్‌ఛేంజ్ తరహా అకౌంట్లలోనే.

గోడ కావాల్సిన చోట

ఫోల్డర్ గెలిచే ఇంకో చోటుంది. కొన్ని మెయిళ్ల చుట్టూ నిజంగా గోడ కావాలి. ఆఫీసులో ఒక ప్రాజెక్టు మెయిళ్లు ఇంకొకరికి చూపించాలి, మిగతావి చూపించకూడదు. అవుట్‌లుక్‌లో ఎక్స్‌ఛేంజ్ అకౌంటుంటే ఒక్క ఫోల్డర్‌కే అనుమతి ఇవ్వొచ్చు. ఐమాప్ సర్వర్లలోనూ ఫోల్డర్‌వారీ అనుమతులకు ఏర్పాటు ఉంది. జీమెయిల్‌లో వేరొకరికి అందుబాటు ఇస్తే అది అకౌంట్ మొత్తానికీ. ఒక లేబుల్ వరకే తలుపు తీయడం కుదరదు. ఇన్నేళ్ల తర్వాత వీటిని చెరిపేయాలి అనే నియమాలు కూడా ఎక్స్‌ఛేంజ్‌లో ఫోల్డర్‌కు తగిలించొచ్చు. రెండు లేబుళ్లున్న మెయిల్‌కు ఒక లేబుల్ ఏడాది తర్వాత చెరపమని, రెండోది ఏడేళ్లు ఉంచమని చెబితే ఏది నెగ్గాలి? ఒకే చోట ఉండటం వల్లే ఫోల్డర్‌కు ఈ తగవు రాదు. "ఎవరు చూడాలి, ఎన్నాళ్లుండాలి" అన్నవి తేల్చాల్సిన మెయిళ్లను ఫోల్డర్‌లోనే పెట్టాలి.

ఈ తగాదాను తీర్చే ప్రయత్నం ప్రమాణాలు రాసేవాళ్లు కూడా చేశారు. 2019లో వచ్చిన జేమ్యాప్ అనే కొత్త పద్ధతి ఒక మెయిల్ ఒకేసారి ఎన్ని మెయిల్‌బాక్సుల్లోనైనా ఉండొచ్చంటుంది. కనీసం ఒకదానిలో మాత్రం తప్పకుండా ఉండాలంటుంది. చోటుకూ చీటీకీ మధ్య నాకు తెలిసిన రాజీల్లో ఇది చక్కనిది. కానీ దాన్ని వాడే సర్వీసులు ఇంకా కొద్దే, కాబట్టి ప్రస్తుతానికి చాలామంది ఆ రెండు పాత పద్ధతుల మధ్యే బతకాలి.

మారాలనుకునేవాళ్లకు చివరగా ఒక లెక్క. ఫోల్డర్ల సర్వీసు నుంచి జీమెయిల్‌కు వెళ్లడం తేలిక, ఫోల్డర్ పేరు లేబుల్ పేరవుతుంది, ఉప ఫోల్డర్ మధ్యలో `/` గీతతో ఉప లేబుల్ అవుతుంది. తిరుగు ప్రయాణమే కష్టం. మూడు లేబుళ్ల మెయిల్ మామూలు ఐమాప్ సర్వర్‌కు చేరేసరికి మూడు విడి ప్రతులవుతుంది, "All Mail"ను కూడా తీసుకెళితే నాలుగు. అందుకని బయల్దేరే ముందే ప్రతి మెయిల్‌కూ ఒక ఇల్లు నిర్ణయించండి. ఆర్కిటెక్ట్ మెయిల్‌కు "ఇల్లు" ఉంచి, "బిల్లులు" మాత్రమే ఉన్నవాటిని "బిల్లులు"లో ఉంచేలా ముందు ఈ శోధన చేసి, వచ్చిన వాటన్నిటి నుంచీ "బిల్లులు" తీసేయాలి:

```
label:ఇల్లు label:బిల్లులు
```

అలా తీసేసే ముందు, మన డేటాను దింపుకోనిచ్చే గూగుల్ టేకౌట్ సేవ నుంచి మెయిల్‌ను ఎంబాక్స్ ఫైలుగా, అంటే మెయిళ్లన్నీ వరుసగా ఉండే ఒకే ఫైలుగా, దింపుకుని పక్కన పెట్టుకోండి. అందులో ప్రతి మెయిల్ పైనా `X-Gmail-Labels` అనే వరుస ఉంటుంది, ఆ మెయిల్ మీద ఉన్న చీటీల పేర్లన్నీ దానిలో కామాలతో రాసి ఉంటాయి. తెలుగు పేర్లు మాత్రం సంకేతాల రూపంలో ఉంటాయి, వాటిని మామూలు అక్షరాల్లోకి మార్చుకుని చదవాలి. కొత్త సర్వర్‌లో "ఈ బిల్లు ఏ లేబుల్ కింద ఉండేది?" అన్న సందేహం వచ్చినరోజు ఆ ఫైలు తెరిచి ఆ వరుస చదువుకోవచ్చు.